మకరాన్ పగిలిందంటే ఆవిరి దారి తప్పినట్టే

పిండి ఒక్కటే, కలిపిన గిన్నె ఒక్కటే, పైపింగ్ బ్యాగూ ఒక్కటే. అయినా మొదటి ట్రేలోని బిళ్లలన్నీ నెత్తి మీద నెర్రెలిచ్చి బయటికొస్తాయి. కాసేపాగి ఓవెన్‌లోకి వెళ్లిన రెండో ట్రేలోని బిళ్లలు మాత్రం పైన నున్నగా, అడుగున ముడతల అంచు కట్టుకుని దర్జాగా కూర్చుంటాయి. ఇంట్లో మకరాన్లు చేసేవాళ్లలో చాలామందికి ఇది ఎదురయ్యేదే. కారణం అంతుపట్టక కొందరు రెసిపీని తిట్టుకుంటారు, కొందరు బాదం పొడి కంపెనీ మార్చేస్తారు, ఇంకొందరు నేరం గుడ్ల మీదికి నెట్టేస్తారు. ఈ రెండు ట్రేల మధ్య మారింది మాత్రం ఒక్కటే. రెండోది కాస్త ఎక్కువసేపు ఆరింది.

మకరాన్‌లో ఉండేవి నాలుగే దినుసులు: బాదం పొడి, ఐసింగ్ షుగర్, తెల్లసొన, పంచదార. వీటితో చేసిన రెండు గుండ్రటి బిళ్లల మధ్య చాక్లెట్ గనాషో, బటర్‌క్రీమో, జామో పెట్టి అతికిస్తారు. ఇలా జత కట్టే పద్ధతి పారిస్‌లోని లాడురే దుకాణంలో పియెర్ డెఫోంతేన్ చేతుల మీదుగా మొదలైందని ఆ సంస్థ చెప్పుకుంటుంది. కొరికితే పైపొర సన్నగా కరకరమనాలి, లోపల మెత్తగా సాగాలి. బిళ్ల అడుగున చుట్టూ చిన్న చిన్న బుడగలతో గరుకుగా, రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తున ఒక అంచు కనిపిస్తుంది. బేకర్లు దాన్నే ఫీట్ అంటారు. అది లేని బిళ్ల రుచిగా ఉండొచ్చు గానీ, దాన్ని పారిస్ మకరాన్ అని అమ్మితే కొనేవాళ్లు ఒప్పుకోరు.

ఫీట్ రాకపోవడం ఒక జబ్బు, పైన పగలడం ఇంకో జబ్బు అని అనుకుంటూ ఉంటారు. లోపల జరిగేది చూస్తే రెండూ ఒక తల్లి పిల్లలే. ఓవెన్ వేడికి బిళ్లలోని నీరు ఆవిరవుతుంది, తెల్లసొన నురగలో చిక్కుకున్న గాలి ఉబ్బుతుంది. ఆ ఒత్తిడి ఎటో ఒకవైపు బయటపడక తప్పదు. బిళ్ల పైభాగం ముందుగానే ఆరి సన్నటి పొర కట్టి ఉంటే అటు దారి మూసుకుపోయినట్టే. అడుగు భాగం మాత్రం ఇంకా మెత్తగానే ఉంటుంది. దాంతో పైపొర చీలకుండా మొత్తంగా పైకి లేస్తుంది, కిందనుంచి పిండి నురగలు కక్కుతూ అంచు బయటికి తన్నుకొచ్చి అక్కడే గట్టిపడుతుంది. అదే ఫీట్. పొర కట్టకపోయినా, కట్టిన పొర ఒత్తిడికి ఆగకపోయినా ఆవిరి నెత్తినే చీల్చుకుపోతుంది. ఒకసారి పైన దారి దొరికాక కింద తన్నే బలం మిగలదు. పగిలిన బిళ్లకు ఫీట్ సరిగా ఉండకపోవడానికి కారణం ఇదే. ఇక నురగలో గాలే మిగల్లేదనుకోండి, పగలడానికీ లేవడానికీ ఏమీ ఉండదు. బిళ్ల చదునుగా పరుచుకుని అలాగే ఉడికిపోతుంది.

పగుళ్లు అన్నిచోట్లా తప్పేం కాదు. ఫ్రాన్స్‌లోనే నాన్సీ పట్టణపు మకరాన్లు పైన నెర్రెలతోనే ఉంటాయి, అదే వాటి గుర్తు. మనకు దగ్గర్లో తూత్తుకుడి మాకరూన్ ఉంది. జీడిపప్పు పొడి, తెల్లసొన, పంచదారతో చేసే ఆ తెల్లటి మిఠాయి కొన తేలి నిలబడాలి. పారిస్ మకరాన్‌లో అలా కొన నిలిచిందంటే పిండి సరిగ్గా కలపలేదన్నమాట. దగ్గరి దినుసులే అయినా చివరికి ఏం రావాలన్నది వేరు కాబట్టి కలిపే పద్ధతీ వేరు.

కలపడానికి ముందు కొలతల మాట. ఇంట్లో మొదలుపెట్టేవాళ్లకు ఫ్రెంచి పద్ధతి సులువు. తొక్క తీసిన బాదం పొడి 100 గ్రాములు, ఐసింగ్ షుగర్ 100 గ్రాములు కలిపి జల్లించాలి. తెల్లసొన 75 గ్రాములు, మెత్తటి పంచదార 80 గ్రాములు పక్కన పెట్టుకోవాలి. గుడ్లు లెక్కపెడితే కుదరదు, ఒక్కో గుడ్డులో సొన ఒక్కో తూకం ఉంటుంది. చిన్న డిజిటల్ కాటా తప్పదు. బాదం ఇంట్లో మిక్సీ పట్టుకునేవాళ్లు ఐసింగ్ షుగర్ కొంత కలిపి, ఆపి ఆపి తిప్పాలి. ఆపకుండా తిప్పితే బాదం వేడెక్కి నూనె వదులుతుంది, ఆ నూనె నురగను చంపేస్తుంది. పచ్చసొన చుక్క పడినా ఇదే గతి. తెల్లసొనను గిలక్కొడుతూ పంచదారను విడతలుగా వేసుకుంటూ వెళ్లాలి. బీటర్ పైకెత్తితే కొస నిటారుగా నిలిచి, గిన్నె వంచినా నురగ జారకుండా ఉన్నప్పుడు మెరింగ్ సిద్ధమైనట్టు. ఇక్కడ తొందరపడి మెత్తటి నురగతోనే ఆపేస్తే తర్వాత ఎంత జాగ్రత్తపడ్డా ఫీట్ రావడం కష్టం.

అసలు చేతిపని తర్వాత మొదలవుతుంది. బాదం, ఐసింగ్ షుగర్ల మిశ్రమాన్ని మెరింగ్‌లో కలపడాన్ని ఫ్రెంచివాళ్లు మకరోనాజ్ అంటారు. కేకు చేసేటప్పుడు నురగ అణగకూడదని భయం భయంగా కలుపుతాం కదా, ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. కొంత గాలిని కావాలనే తీసేయాలి. స్పాచ్యులాతో అడుగునుంచి పైకి మడుస్తూ పొడి అంతా తడిసేదాకా మొదట కలపాలి. అప్పుడు ముద్ద గరుకుగా, బిగుసుకుని కనిపిస్తుంది. ఆ తర్వాత స్పాచ్యులా పలకతో ముద్దను గిన్నె గోడకు అదిమి పరుస్తూ, మళ్లీ గీకి మధ్యకు తెస్తూ ఉండాలి. అలా నొక్కినప్పుడు పెద్ద బుడగలు చితికిపోతాయి, చిన్నవి మిగులుతాయి. నాలుగైదుసార్లు నొక్కగానే ముద్దలో నిగనిగ మొదలవుతుంది, అక్కడినుంచి ప్రతి మడతకూ పిండి పలచబడుతూ పోతుంది.

ఎక్కడ ఆపాలన్నదే చిక్కు. గారెల పిండిలా గట్టిగా ఉంటే ఇంకా కలపాలి, దోసెల పిండిలా జారిపోతుంటే చెయ్యి దాటిపోయింది. ఆ రెండింటి నడుమ ఉండాలి. స్పాచ్యులా పైకెత్తి పట్టుకుంటే పిండి తెగకుండా నిదానంగా పట్టీలా జారాలి. ఆ ధారతో గిన్నెలోని పిండి మీద ఎనిమిది అంకె రాయగలగాలి. రాసిన గీతలు ఇరవై, ముప్పై సెకన్లలో మెల్లగా కలిసిపోవాలి. వెంటనే మాయమైతే ఎక్కువ కలిపినట్టు, ఎంతసేపైనా అలాగే నిలిస్తే తక్కువ కలిపినట్టు. కొన్ని పుస్తకాల్లో యాభై మడతలు, అరవై మడతలు అని అంకెలు ఇస్తారు. వాటిని నమ్ముకుంటే నష్టమే. గిన్నె వెడల్పు, మెరింగ్ బిగువు, బాదంలోని నూనె, చేతి బలం ఏవీ ఇద్దరికి ఒకేలా ఉండవు. పైపింగ్ బ్యాగులో నింపి పిండేటప్పుడు కూడా పిండి కొంత నలుగుతుంది కాబట్టి, ఇంకొక్క మడత వేద్దామా వద్దా అన్న అనుమానం వస్తే ఆపేయడమే మేలు. తక్కువ కలిసిన పిండిని గిన్నెలో తిరగేసి ఇంకో రెండుసార్లు మడవొచ్చు. ఎక్కువ కలిసినదాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు.

కలపడంలో జరిగిన తప్పు ట్రే మీద పిండి వేయగానే తెలిసిపోతుంది. తక్కువ కలిపితే పైన కొన అలాగే నిలబడుతుంది. లోపల పెద్ద బుడగలు మిగిలి ఉంటాయి కాబట్టి వేడికి అవి ఉబ్బి బిళ్లను చీలుస్తాయి. ఎక్కువ కలిపితే మూడున్నర సెంటీమీటర్ల వెడల్పున వేసిన బిళ్ల చూస్తుండగానే నాలుగు దాటి పరుచుకుంటుంది, పక్కదానికి అంటుకుంటుంది. దానికి ఫీట్ వచ్చినా పక్కకు కారినట్టు వస్తుంది, లేదా అసలే రాదు. కలిపింది సరిపోయినా బుడగలు పూర్తిగా పోవు. అందుకే ట్రేను పట్టుకుని బల్ల మీద నాలుగైదుసార్లు గట్టిగా కొట్టాలి. పైకి తేలిన బుడగలను టూత్‌పిక్‌తో గుచ్చేయాలి. ఈ చప్పుడుకు మొహమాటపడి మెల్లగా తట్టేవాళ్ల బిళ్లలే ఎక్కువగా పగులుతుంటాయి.

ఆరబెట్టడం దగ్గర రెసిపీ పుస్తకాలకూ మన వాతావరణానికీ పొత్తు కుదరదు. పుస్తకంలో అరగంట అని ఉంటుంది. అది పొడిగాలి ఉన్న గదిలో మాట. వానాకాలంలో కాకినాడలోనో విశాఖలోనో గంటన్నర అయినా బిళ్ల పైన తడి ఆరకపోవచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఇరవై అయిదు నిమిషాలకే పొర కట్టేయొచ్చు. పారిస్‌లోని లె కోర్డాన్ బ్లూలో చదువుకుని, 2010లో ముంబైలో లె15 పటిసరీ మొదలుపెట్టిన పూజా ధింగ్రా కూడా ఇక్కడి వేడికీ తేమకూ తగ్గట్టు రెసిపీ కుదరడానికి చాలా తంటాలు పడాల్సి వచ్చిందని చెప్పుకొచ్చారు. కాబట్టి గడియారం కన్నా వేలే నయం. బిళ్ల అంచు దగ్గర వేలి కొసతో మెల్లగా తాకితే పిండి అంటకూడదు. పైన మెరుపు తగ్గి కాస్త మసకబారి ఉండాలి. నడుమ ఆరి అంచు ఆరకపోవడం మామూలే కాబట్టి అంచునే తాకి చూడాలి.

తేమ ఎక్కువున్న ఊళ్లో ఏసీ వేసిన గది అన్నిటికన్నా మంచిది, ఎందుకంటే ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది. ఫ్యాను కింద పెట్టినా పనవుతుంది గానీ, గాలి ఒకే పక్కనుంచి కొడితే ఆ పక్క ముందు ఆరిపోతుంది. అప్పుడు ఫీట్ ఒకవైపు పొడుగ్గా, ఇంకోవైపు పొట్టిగా వచ్చి బిళ్ల వాలిపోతుంది. ట్రేను మధ్యలో ఒకసారి తిప్పితే సరి. అదే గదిలో అన్నం ఉడుకుతూ, కుక్కర్ కూతలు వేస్తూ ఉంటే ఏ ఫ్యానూ చేయగలిగింది లేదు. అతిగా ఆరబెట్టినా ముప్పే. గంటల తరబడి వదిలేస్తే పొర మందమై అంచులు కూడా బిగుసుకుంటాయి, అడుగునుంచి పిండి తన్నుకురావడానికి చోటుండదు. ఆరడం చాలకపోతే పగులు, మితిమీరితే పొట్టి ఫీట్.

ఓవెన్ దగ్గరికి వచ్చేసరికి అంకెల తికమక మొదలవుతుంది. ప్రసిద్ధ ఫ్రెంచి పేస్ట్రీ షెఫ్ పియెర్ ఎర్మే తన రెసిపీలో ఫ్యాన్ ఓవెన్‌కు 180 డిగ్రీలు, 12 నిమిషాలు చెబుతాడు. లోపలి ఆవిరి పోవడానికి మధ్యలో రెండుసార్లు తలుపు తెరిచి మూయమంటాడు. ఇంటి రెసిపీల్లో ఎక్కువ భాగం 150 దగ్గర తిరుగుతాయి. ఇద్దరూ తప్పు చెప్పడం లేదు. ఎర్మే వాడేది వేడి పంచదార పాకం పోసి గిలక్కొట్టిన ఇటాలియన్ మెరింగ్. పాకాన్ని 118 డిగ్రీల దాకా కాస్తారు. ఆ వేడికి తెల్లసొన కొంత ఉడికి నురగ దృఢంగా తయారవుతుంది, అందుకే అది ఎక్కువ వేడిని ఓర్చుకుంటుంది. పచ్చి తెల్లసొనతో చేసిన ఫ్రెంచి మెరింగ్‌ను 180లో పెడితే పైపొర గట్టిపడేలోపే లోపల ఆవిరి ఉప్పెనలా పుట్టుకొస్తుంది. పొర నిలవదు. ఒకరి మెరింగ్, ఇంకొకరి ఉష్ణోగ్రత కలిపి చేసిన మకరాన్లే చాలా ఇళ్లలో పగులుతున్నాయి.

అంకె సరైనదే అయినా ఇంకో మెలిక ఉంది. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే ఓటీజీ డయల్ మీద 150 అని ఉంటే లోపల 150 ఉందని కాదు. రాడ్లు ఎర్రబడ్డప్పుడు ఉష్ణోగ్రత పైకి ఎగబాకుతుంది, ఆరినప్పుడు పడిపోతుంది. పైరాడ్ దగ్గర ఒక వేడి, తలుపు దగ్గర ఇంకో వేడి. లోపల వేలాడదీసే ఓవెన్ థర్మామీటరు ఒక్కటే నిజం చెబుతుంది.

విశాఖలో జులై నెల, బయట ముసురు అనుకుందాం. పై కొలతలతోనే ఒకావిడ పిండి కలిపి మూడు చిన్న ట్రేల మీద వేశారు. మొత్తం నలభై బిళ్లల దాకా వచ్చాయి. ఓటీజీ డయల్ 160 దగ్గర పెట్టి, రెసిపీలో ఉన్నట్టే అరగంట ఆగి మొదటి ట్రే లోపల పెట్టారు. అయిదో నిమిషానికి బిళ్లలు నడుమ ఉబ్బాయి, ఏడో నిమిషానికి టపటపా నెర్రెలిచ్చాయి. ఫీట్ జాడే లేదు. మిగిలిన రెండు ట్రేలను వేలితో తాకితే పిండి ఇంకా అంటుకుంటోంది. కలపడంలో తప్పుంటే ట్రే మీద కొనలు నిలవాలి లేదా పరుచుకోవాలి. రెండూ జరగలేదు. కాబట్టి అనుమానం ఆరడం మీదికే పోతుంది.

ఆ రెండు ట్రేలను ఏసీ గదిలో పెట్టి మరో ముప్పావు గంట ఆగారు. వేలికి అంటడం పోయాక రెండో ట్రే పెట్టారు, డయల్ మార్చలేదు. ఈసారి అయిదో నిమిషానికల్లా ఫీట్ లేచింది. లేచింది గానీ నిటారుగా నిలవక బయటికి పరుచుకుంది, పైన గోధుమరంగు తిరిగింది, వెనక వరసలో రెండు బిళ్లలు పగిలాయి. పొర కట్టాక కూడా పగిలాయంటే వేడి ఎక్కువన్నమాట. వెనక మాత్రమే పగలడం కూడా ఒక సాక్ష్యమే, తలుపుకు దూరంగా వేడి పోగవుతోంది. థర్మామీటరు పెట్టి చూస్తే డయల్ 160 చెబుతున్నచోట లోపల 178 ఉంది. మొదటి ట్రే కూడా ఈ వేడిలోనే పోయింది, అంటే దానికి రెండు దెబ్బలూ తగిలాయి.

మూడో ట్రేకు డయల్‌ను తగ్గిస్తూ థర్మామీటరు 150 చుట్టుపక్కల నిలిచేదాకా ఆగారు. అదే అర, అదే పిండి. ఆరో నిమిషంలో ఫీట్ లేచి నిటారుగా నిలిచింది. పదో నిమిషంలో ట్రేను ముందుది వెనక్కి తిప్పారు. పదిహేడో నిమిషంలో ఒక బిళ్ల నెత్తిని వేలితో అటూ ఇటూ కదిపితే ఫీట్ మీద ఊగలేదు. తీసేశారు. ఒకసారికి ఒకటే మార్చి చూడటం వల్లనే ఏ తప్పు ఏ గుర్తు వదిలిందో ఇక్కడ విడిగా కనిపించింది. అన్నీ ఒకేసారి మార్చేస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

వేడి తక్కువైనా చిక్కే. 130 దగ్గర నడిపిస్తే ఆవిరి మెల్లగా పుట్టి మెల్లగానే పోతుంది, పొరను ఎత్తే ఊపు చాలదు. ఫీట్ పొట్టిగా ఉండిపోతుంది, అడుగు పచ్చిగా ఉండి కాగితానికి అంటుకుంటుంది. ఫీట్‌ను లేపేది ముఖ్యంగా కిందివేడి కాబట్టి ట్రేను నడుమ అరలోనో, ఒక మెట్టు కిందనో పెట్టాలి. కిందిరాడ్ మరీ జోరుగా ఉండి అడుగు మాడుతుంటే ఒక ట్రే కింద ఇంకో ఖాళీ ట్రే పెడితే వేడి నెమ్మదిస్తుంది. సిలికాన్ మ్యాట్ మందంగా ఉంటే వేడి ఆలస్యంగా అందుతుంది, బేకింగ్ పేపర్ మీద త్వరగా అందుతుంది. మ్యాట్ నుంచి పేపర్‌కు మారితే సమయం ఒకటి రెండు నిమిషాలు తగ్గించి చూసుకోవాలి. రంగు కలపాలంటే జెల్ లేదా పొడి రంగు వాడాలి. నీళ్ల రంగు ఎక్కువ పోస్తే పిండి పలచబడి ఆరడం ఇంకా ఆలస్యమవుతుంది.

వానాకాలమంతా ఎన్నిసార్లు చేసినా ఫ్రెంచి పద్ధతి కుదరనివాళ్లు ఇటాలియన్ మెరింగ్‌కు మారొచ్చు. పాకం కాయడానికి ఇంకో థర్మామీటరు కావాలి, పని కాస్త ఎక్కువ. బదులుగా కలిపేటప్పుడు ఒకటి రెండు మడతలు అటూ ఇటూ అయినా పిండి ఓర్చుకుంటుంది. మొదటిసారి చేసేవాళ్లు మాత్రం ఖరీదైన బాదం పొడి, నాజిళ్ల సెట్టు కొనే ముందు కొన్ని వందల రూపాయల ఓవెన్ థర్మామీటరు, ఒక కాటా కొనుక్కోండి. మొదటి ట్రేలో ఆరు బిళ్లలే వేసి ఓవెన్‌ను పరీక్షించుకోండి. పగిలినవాటిని పారేయొద్దు. వాటి మధ్య కూడా గనాష్ పెట్టి మూత ఉన్న డబ్బాలో ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచితే క్రీములోని తడి బిళ్లలోకి ఇంకి, ఫీట్ ఉన్నవాటికి తీసిపోకుండా మెత్తబడతాయి.